ఒక మాస్టర్, ఇద్దరు సర్వర్లు కావాలి: చిన్న హోటల్‌కు పనివాళ్ల ప్రకటన ఎలా రాయాలి

మా హోటల్ తిరుపతిలో, ఆర్టీసీ బస్టాండు నుంచి నడిస్తే పది నిమిషాల దూరం. ఆరు టేబుళ్లు, 24 కుర్చీలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం మీల్స్, అంతే. పాత మాస్టర్ కూతురి పెళ్లి పెట్టుకుని ఊరికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. అదే నెలలో ఇద్దరు సర్వర్లూ మానేశారు. కంగారులో ఒక తెల్ల కాగితం మీద ఇలా రాసి షట్టర్‌కు అంటించాను:

> వంట మాస్టర్ మరియు వెయిటర్లు కావలెను. అనుభవం గలవారికి ప్రాధాన్యత. ఆకర్షణీయమైన జీతం. వెంటనే సంప్రదించండి.

దాన్నే ఫోటో తీసి వాట్సాప్‌లో స్టేటస్ కూడా పెట్టాను. వారంలో ముప్పైకి పైగా ఫోన్లు వచ్చాయి. అందులో ఒకాయన నూడుల్స్, ఫ్రైడ్ రైస్ వేసే మాస్టర్. ఇంకొకాయన పెళ్లిళ్లకు ఆరుగురు మనుషులతో వచ్చి వండే కాంట్రాక్టు మనిషి. ఇద్దరు ఇంటర్ పిల్లలు సెలవుల్లో చేస్తామన్నారు. చిత్తూరు నుంచి ఒకాయన, హోటల్ చిత్తూరు టౌన్‌లోనే ఉందనుకుని ఫోన్ చేశాడు. నేను స్టేటస్‌లో అలవాటు కొద్దీ చిత్తూరు జిల్లా అని రాయడం వల్ల వచ్చిన తిప్పలది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ముప్పై ఫోన్లలో కుదిరినవాళ్లు సున్నా. ప్రతి ఫోన్‌లోనూ నేను అవే ఏడెనిమిది సంగతులు చెప్పాల్సి వచ్చింది, విన్నవాళ్లు సరే చూస్తామని పెట్టేశారు.

అప్పుడు కూర్చుని రెండోసారి రాశాను. ఆ రెండో ప్రకటనతో తొమ్మిది రోజుల్లో ముగ్గురూ దొరికారు. దాన్ని ఏ వరసలో తయారుచేశానో ఇక్కడ చెప్తున్నాను.

మొదటి మెట్టు: వంటింట్లో ఏ పని ఖాళీ అయిందో తేల్చుకోండి

కాగితం మీద పెన్ను పెట్టేముందు చేయాల్సిన పని ఇది. చాలామంది చేయరు, నేనూ చేయలేదు. మన వైపు హోటళ్లలో మాస్టర్ అంటే ఒకే మనిషి కాదు. టీ మాస్టర్ వేరు, దోశ మాస్టర్ వేరు, పరోటా మాస్టర్ వేరు, మీల్స్ మాస్టర్ వేరు. బిర్యానీ మాస్టర్‌కు పొంగల్ పని చెప్తే చిన్నతనంగా అనుకుంటాడు. ఉత్త వంట మాస్టర్ అని రాస్తే వీళ్లందరూ ఫోన్ చేస్తారు, మీకు కావాల్సినాయన మాత్రం ఇది తనకు కాదనుకుని వదిలేస్తాడు.

చిన్న హోటల్ ఓనర్లందరికీ ఉండే ఆశ ఆల్‌రౌండర్ మాస్టర్. ఇడ్లీ నుంచి రసం దాకా ఒకే మనిషి చేసేయాలి. నాకూ ఉండేది. ఆ ఆశ ఎక్కడ తిరగబడుతుందో తెలియాలంటే గడియారం పక్కన పెట్టుకుని ఒక పూట పనిని రాసి చూడండి. మా దగ్గర టిఫిన్ ఆరున్నర నుంచి పదిన్నర దాకా. మీల్స్ పన్నెండుకు మొదలు. పన్నెండుకు 80 మీల్స్ సిద్ధంగా ఉండాలంటే సాంబారుకు పప్పు తొమ్మిదిన్నరకే పొయ్యి ఎక్కాలి, కూర పదికి తాలింపులో పడాలి. అదే తొమ్మిదిన్నరకు దోశ పెనం దగ్గర రద్దీ ఉంటుంది. తెల్లవారుజామున దర్శనం చేసుకుని కొండ దిగినవాళ్లు, రూము ఖాళీ చేసి బండి ఎక్కబోయేవాళ్లు అప్పుడే వస్తారు. పెనం ముందు నిలబడ్డ మనిషి రెండు నిమిషాలు పక్కకు తిరిగితే దోశ మాడుతుంది, తిరగకపోతే పప్పు అడుగంటుతుంది. పాత మాస్టర్ ఉన్నప్పుడు నెలకు రెండు మూడు సార్లు సాంబారు మాడు వాసన వచ్చేది. నేను ఆయన్ను తిట్టేవాణ్ని. తప్పు ఆయనది కాదని ఈ లెక్క రాసుకున్నాకే తెలిసింది.

కాబట్టి మేము తేల్చుకున్నది ఇది. పదిన్నర దాకా దోశ పెనం దగ్గర నేనే నిలబడతాను. క్యాష్ దగ్గర మా ఆవిడ ఉంటుంది. కూరగాయలు తరగడానికి ఒక హెల్పర్, గిన్నెలు కడగడానికి ఒక అక్క ఇప్పటికే ఉన్నారు. అంటే కావాల్సింది పొద్దున ఇడ్లీ, వడ, పొంగల్, చట్నీ, సాంబారు దించి, తర్వాత మీల్స్ మొత్తం చూసుకునే మనిషి. ఆ పనికి మన ఊళ్లో పేరుంది, మీల్స్ మాస్టర్. ఈ ఒక్క మాట మారేసరికే నూడుల్స్ ఫోన్లు ఆగిపోయాయి.

మీకు దోశ వేయడం రాకపోతే లెక్క మారుతుంది. అప్పుడు ఒక మాస్టర్‌తో రెండు పూటలు నడపాలని చూడొద్దు. పదింటికే టిఫిన్ ఆపేయాలి, లేదా మీల్స్ ఒంటిగంటకు మొదలుపెట్టాలి. ఏదీ కుదరకపోతే ఇద్దరి కోసం ప్రకటన ఇవ్వాలి.

రెండో మెట్టు: ఫోన్లో ఏం అడుగుతున్నారో ఒక నోటుబుక్కులో రాయండి

మొదటి ప్రకటన వల్ల జరిగిన ఒకే ఒక మేలు ఆ ఫోన్లే. పదో ఫోన్ నుంచి అడిగినవన్నీ బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాను. పీలేరు దగ్గర పల్లె నుంచి ఒకాయన చేశాడు. జీతం కంటే ముందు అడిగిన మాట ఇది:

"పిండి రుబ్బేది ఎవురునా? గ్రైండరు కాడ మనిషి ఉండాడా, నేనేనా?"

నేను తడబడ్డాను. పాత మాస్టరే రాత్రి ఉండి రుబ్బి పోయేవాడు, దాన్నొక పనిగా నేనెప్పుడూ లెక్కేయలేదు. పది లీటర్ల గ్రైండర్ దగ్గర రోజూ గంటన్నర పని అది. ఆయన రాలేదు గానీ, ఆ ప్రశ్న మాత్రం నా ప్రకటనలో ఒక వాక్యం అయింది. ఇప్పుడు సాయంత్రం పూట హెల్పర్ రుబ్బుతాడు, మాస్టర్ పప్పు, బియ్యం కొలత చెప్పి పోతాడు.

మిగతా మాస్టర్లు అడిగినవి దాదాపు అందరివీ ఒకటే. ఏమేం ఐటమ్స్, రోజుకు ఎన్ని మీల్స్, హెల్పర్ ఉన్నాడా, గిన్నెలు నేనే కడగాలా, గది ఉందా, వారం సెలవు ఉందా, చేతికి ఎంత. సర్వర్లు అడిగినవి వేరు. ఎన్ని టేబుళ్లు, రాత్రి ఎన్నింటికి వదులుతారు, ఎంగిలి ప్లేట్లు నేను తీయాలా, నేల తుడవాలా, టిప్పు ఎవరికి. ఈ ఎంగిలి ప్లేట్ల మాట చిన్నదిగా కనిపిస్తుంది. సర్వర్‌గా వచ్చిన మనిషికి మొదటి రోజే బకెట్టు చేతికిస్తే రెండో రోజు రాడు. అడగడానికి మొహమాటపడి వచ్చి, చూసి, చెప్పకుండా పోయేవాళ్లే ఎక్కువ. ఏ పని ఎవరిదో ముందే రాస్తే ఒప్పుకున్నవాళ్లే వస్తారు.

మూడో మెట్టు: పరిమాణం అంకెల్లో చెప్పండి

అనుభవం గలవారు అని రాస్తే ప్రతివాడూ అనుభవం గలవాడే. అదే రోజుకు 300 ఇడ్లీలు, 150 వడలు, 80 మీల్స్ అని రాస్తే, ఇంట్లో పదిమందికి వండిన అనుభవం ఉన్నాయన తానే తప్పుకుంటాడు. రోజుకు ఐదొందల మీల్స్ దించిన మనిషి ఇది తేలిక పని అనుకుని కొంచెం తక్కువ జీతానికైనా వస్తాడు. నిజానికి మాకు చివరికి కుదిరిన మాస్టర్ అలాంటివాడే. పెద్ద హోటల్లో వంద కిలోల బియ్యం దగ్గర నిలబడి నడుం పోగొట్టుకున్నాడు. మా 80 మీల్స్‌కు పది కిలోల బియ్యం. అదే ఆయనకు నచ్చింది.

అంకెలు ఉన్నవే రాయండి. శనివారం మా దగ్గర 80 కాస్తా 130 అవుతుంది. ఆ సంగతి దాచి మామూలు రోజు లెక్క ఒక్కటే రాస్తే మొదటి శనివారమే గొడవ.

నాలుగో మెట్టు: జీతం, చేతికి వచ్చే లెక్కలో

ఆకర్షణీయమైన జీతం అన్నమాట పనివాళ్లకు తక్కువ జీతం అనే వినిపిస్తుంది. ఎక్కువ ఇచ్చేవాడు అంకె దాచడని వాళ్ల లెక్క. తప్పు లెక్కేమీ కాదు.

అంకె వేసేముందు కార్మిక శాఖ ఆఫీసులో హోటల్ పనివాళ్ల కనీస వేతనం ఎంతో కనుక్కోండి. ఆరు నెలలకోసారి కరువు భత్యం మారుతుంటుంది కాబట్టి పక్క హోటల్ ఆయన చెప్పిన పాత అంకె పనికిరాదు. తర్వాత మీ గల్లా చూసుకోండి. మేము మాస్టర్‌కు 24,000, సర్వర్‌కు 14,000 అనుకున్నాం. ముగ్గురికీ కలిపి 52,000. వారం సెలవులు పోగా నెలకు 26 పని రోజులు. అంటే షట్టర్ ఎత్తిన ప్రతి రోజూ ఈ ముగ్గురి కోసం 2,000 పక్కన పెట్టాలి. వర్షం పడి బేరం లేని రోజు కూడా అది తీయగలనా అని చూసుకున్నాకే ఆ అంకె కాగితం మీద వేశాను. వేరే ఊళ్లో వేరే బేరానికి ఇవే అంకెలు సరిపోవు, పద్ధతి మాత్రం అదే.

అంకె పక్కనే ఇంకో మూడు సంగతులు ఉండాలి. భోజనం, టిఫిన్ జీతంలో కోస్తారా, కోయరా. జీతం ఏ తేదీన. టిప్పు ఎవరికి. మా దగ్గర టిప్పు డబ్బాలో పడుతుంది, శనివారం షట్టర్ దించాక సర్వర్లు, గిన్నెలు కడిగే అక్క సమానంగా పంచుకుంటారు. ఫోన్ స్కాన్‌తో డబ్బు కట్టడం మొదలయ్యాక టిప్పు సగం తగ్గింది. నెలకు ఇంత వస్తుందని నోటికొచ్చిన అంకె చెప్పి ఆశ పెట్టొద్దు.

ఐదో మెట్టు: టైము, గది, సెలవు ముడిపడి ఉంటాయి

హోటల్ పనిలో ఎనిమిది గంటలు అంటే సరిపోదు, ఏ ఎనిమిది గంటలో చెప్పాలి. టిఫిన్‌కు పొద్దున నాలుగు గంటలు, రాత్రికి మళ్లీ నాలుగు గంటలు చేయించి మధ్యలో ఖాళీ ఇచ్చేదాన్ని బ్రేక్ డ్యూటీ అంటారు. కాగితం మీద అదీ ఎనిమిది గంటలే. కానీ రేణిగుంట నుంచో చంద్రగిరి నుంచో వచ్చే మనిషి ఆ మధ్య గంటల్లో ఇంటికి పోయి రాలేడు. హోటల్ వెనక బియ్యం మూటల మీద పడుకుంటాడు. పొద్దున ఐదుకు వచ్చి రాత్రి పదికి పోయినట్టే లెక్క. రెండు నెలల్లో మానేస్తాడు. మాకు సాయంత్రం బేరం లేదు కాబట్టి ఆ గోల లేదు. బ్రేక్ డ్యూటీ తప్పదనుకుంటే ఆ మాట ప్రకటనలోనే రాసి, మధ్యలో నడుం వాల్చడానికి చోటు ఉందో లేదో కూడా రాయండి.

మాస్టర్ డ్యూటీ ఐదింటికి మొదలు. ఆ వేళకు బయటి ఊళ్ల నుంచి రావడం కుదరని పని. అందుకే ఆయనకు గది ఇవ్వాలి, లేకపోతే నడిచివచ్చే దూరంలో ఉన్నవాళ్లనే అడగాలి. మేము హోటల్ పైన చిన్న గది ఇచ్చాం. ఒక్కరికే సరిపోతుంది, కుటుంబానికి చాలదు. ఈ రెండో ముక్క రాయకపోతే భార్యాపిల్లల్ని, సామాన్లను ఆటోలో వేసుకుని వచ్చేస్తారు. మా వీధిలోనే ఒక హోటల్ దగ్గర అలా జరగడం చూశాను. ఆ ఇల్లాలి మొహం చూడలేకపోయాను.

సెలవు సంగతి తిరుపతిలో కొంచెం జాగ్రత్తగా రాయాలి. మనకు శని, ఆదివారాలే బేరం. అందుకని మంగళవారం హోటలే మూసేస్తాం. ఒకే మాస్టర్ ఉన్నచోట ఇదే సుఖం, ఎవరు ఏ రోజు సెలవన్న పేచీ ఉండదు. ఇక ఏడాదిలో కొన్ని రోజులు సెలవు ఇవ్వలేని రోజులు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, తమిళనాడు నుంచి జనం విరగబడి వచ్చే పెరటాసి నెల శనివారాలు. ఆ రోజుల్లో సెలవు కుదరదని, దానికి బదులు తర్వాత వేరే రోజు ఇస్తామని ముందే చెప్పాలి. సెప్టెంబరులో చేరిన మనిషికి అక్టోబరులో చెప్తే మోసం చేసినట్టు అవుతుంది. అలాగే మన వాళ్లకు గంగమ్మ జాతరకు, సంక్రాంతికి ఊరు వెళ్లాలని ఉంటుంది. సంక్రాంతికి మూడు రోజులు ఇస్తామని రాశాం. చదివినవాళ్లందరూ ఫోన్లో ముందుగా ఎత్తిన మాట అదే.

ఆరో మెట్టు: సర్వర్ల గురించి రాసేటప్పుడు

మర్యాదగా మాట్లాడేవారు కావాలి అని రాయకండి. అమర్యాదస్తుణ్ననుకుని ఆగిపోయేవాడు ఎవడూ ఉండడు. రోజూ ఆ మనిషి ఏం చేయాలో రాయండి. మా దగ్గర ఒక్కో సర్వర్‌కు మూడు టేబుళ్లు. నీళ్లు పెట్టాలి, ఆర్డర్ నోటితో తీసుకుని వంటింట్లో చెప్పాలి, వడ్డించాలి, చివర లెక్క రాసి క్యాష్ దగ్గర ఇవ్వాలి. ప్లేట్లు తీసి టబ్బులో వేయడం, టేబుల్ తుడవడం సర్వర్ పనే. నేల తుడవడం, గిన్నెలు కడగడం కాదు.

భాష గురించి కూడా కావాల్సినంతే అడగండి. మా దగ్గరికి సగం మంది తమిళం మాట్లాడేవాళ్లు వస్తారు, హిందీవాళ్లు కూడా బాగానే వస్తారు. ఏముంది, ఎంత, ఎంతసేపు పడుతుంది, ఇందులో ఉల్లిపాయ, వెల్లుల్లి వేశారా, ఈ నాలుగు మాటలకు జవాబు చెప్పగలిగితే చాలు. ఉత్తరాది యాత్రికులు ఆఖరిది తప్పకుండా అడుగుతారు. తెలియక లేదని చెప్తే దీక్షలో ఉన్నవాళ్ల దగ్గర మాట పడాలి. తమిళం, హిందీ అనర్గళంగా రావాలని రాస్తే మాత్రం 14,000 జీతానికి ఎవరూ రారు.

మగవారు మాత్రమే అని రాసే అలవాటు మానండి. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదన్నది 1976 నాటి సమాన వేతన చట్టం నుంచీ ఉన్న నిబంధనే. అది పక్కన పెట్టినా, పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉండే పని పిల్లల్ని బడికి పంపే ఆడవాళ్లకు బాగా కుదురుతుంది. వయసు 18 దాటాలని మాత్రం రాయండి. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పెట్టుకుంటే నేరం. ఆ పై వయసు పిల్లల విషయంలోనూ నిబంధనలున్నాయి, ఆ చిక్కు మనకెందుకు.

ఏడో మెట్టు: అన్నీ కలిపి ఒక్క పేజీ

మా రెండో ప్రకటన ఇది. కావలెను అన్న పాత మాట తీసేసి, ఎదురుగా నిలబడి చెప్తున్నట్టు రాశాం.

> మా హోటల్‌కు మీల్స్ మాస్టర్ ఒకరు, సర్వర్లు ఇద్దరు కావాలి
>
> తిరుపతి టౌన్, ఆర్టీసీ బస్టాండు నుంచి నడిచి 10 నిమిషాలు. శాకాహార హోటల్, 6 టేబుళ్లు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం మీల్స్. రాత్రి పని లేదు.
>
> మాస్టర్: పొద్దున 300 ఇడ్లీ, 150 వడ, పొంగల్, రెండు చట్నీలు, సాంబారు. మధ్యాహ్నం 80 మీల్స్ (శని, ఆదివారాలు 130): అన్నం, పప్పు, సాంబారు, రసం, ఒక కూర, ఒక వేపుడు. దోశలు ఓనరే వేస్తారు. పిండి రుబ్బడానికి, కూరగాయలు తరగడానికి హెల్పర్ ఉన్నాడు. గిన్నెలకు మనిషి ఉంది. పొద్దున 5 నుంచి మధ్యాహ్నం 2 దాకా, మధ్యలో రెండుసార్లు అరగంట విశ్రాంతి. జీతం 24,000. ఒక్కరు ఉండడానికి గది ఉచితం, కుటుంబానికి చాలదు.
>
> సర్వర్లు: ఒక్కొక్కరికి 3 టేబుళ్లు. వడ్డించడం, లెక్క రాయడం, ప్లేట్లు తీయడం, టేబుల్ తుడవడం మీ పని. నేల తుడవడం, గిన్నెలు కడగడం మీ పని కాదు. ఒకరికి 6 నుంచి 3 దాకా, ఇంకొకరికి 7 నుంచి 4 దాకా, మధ్యలో గంట విశ్రాంతి. జీతం 14,000. టిప్పు డబ్బా శనివారం పంచుతాం. కొంచెం తమిళం లేదా హిందీ వస్తే మేలు, రాకపోయినా నేర్పుతాం. ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరైనా సరే, 18 ఏళ్లు దాటాలి. గది లేదు.
>
> అందరికీ: టిఫిన్, భోజనం ఉచితం. ప్రతి మంగళవారం సెలవు, జీతం కోయం. సంక్రాంతికి 3 రోజులు సెలవు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, పెరటాసి శనివారాల్లో సెలవు ఇవ్వలేం, బదులు వేరే రోజు ఇస్తాం. జీతం ప్రతి నెలా 5వ తేదీన. ఆరోగ్య పరీక్ష ఖర్చు మాదే. చేరేముందు అడ్వాన్సు ఇవ్వం. రెండు రోజులు ట్రయల్, ఆ రోజుల కూలి ఏ రోజుకారోజు ఇస్తాం: మాస్టర్‌కు 900, సర్వర్‌కు 550.
>
> సాయంత్రం 4 నుంచి 7 మధ్య ఫోన్ చేయండి, లేదా నేరుగా రండి. ఫోన్:

ఇందులో రెండు సంగతులకు కారణం చెప్పాలి. ఆహార భద్రత నిబంధనల ప్రకారం వంట, వడ్డన చేసేవాళ్లకు ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించి కాగితం పెట్టుకోవాలి. ఖర్చు ఎవరిదో రాయకపోతే కొత్తవాళ్లు భయపడతారు. రెండోది ఫోన్ టైము. టిఫిన్ రద్దీలో ఫోన్ ఎత్తితే విసుగ్గా మాట్లాడతాం, మంచి మనిషి అవతలే పెట్టేస్తాడు. సాయంత్రం నాలుగు దాటితే వాళ్ల ప్రస్తుత హోటల్లో కూడా ఖాళీ దొరుకుతుంది.

పెద్దదైపోయింది కదా అని మా బావమరిది అన్నాడు. పని వెతుక్కునే మనిషి తన జీతం సంగతి ఎంత పొడుగున్నా చదువుతాడు. అయితే షట్టర్ మీద అంటించేదానికి పైన శీర్షిక, రెండు జీతాలు, రాత్రి పని లేదన్న మాట లావు అక్షరాల్లో ఉండాలి. మిగతాది మామూలు సైజు చాలు.

ఎనిమిదో మెట్టు: ఎక్కడ పెట్టాలి

మీల్స్ మాస్టర్లు పేపర్లో ప్రకటనలు చూసి రారు. హోటళ్లకు అరిటాకులు, కూరగాయలు, కిరాణా వేసేవాళ్ల దగ్గర వాళ్ల జాడ ఉంటుంది. ఏ హోటల్లో ఎవరు మానబోతున్నారో ఓనర్ కంటే ముందు అరిటాకుల మనిషికి తెలుస్తుంది. నాలుగు కాపీలు తీసి వాళ్లకు ఇచ్చాను. సర్వర్లకు మాత్రం షట్టర్ మీది కాగితం, వాట్సాప్ స్టేటస్ పనిచేశాయి. ఫోటో కాకుండా అక్షరాలుగా పంపండి. ఫోటోను నలుగురు పంపుకునేసరికి మసకబారుతుంది, పైగా నంబరు నొక్కితే ఫోన్ వెళ్లదు.

తొమ్మిదో మెట్టు: ఫోన్లో ఒక ప్రశ్న, తర్వాత ట్రయల్

మాస్టర్‌గా ఫోన్ చేసినవాళ్లను ఒక్కటే అడిగాను. 80 మీల్స్ సాంబారుకు కందిపప్పు ఎంత వేస్తావు? కొందరు వెంటనే మూడు కిలోలు, ఐదు కిలోలు అన్నారు. ఇప్పుడు మా దగ్గరున్న మాస్టర్ అంకె చెప్పలేదు. "విడిగా పప్పు కూడా పెడ్తారా నా? సాంబారు అడిగినంత పోస్తారా, గిన్నెలో ఇస్తారా?" అని తిరిగి అడిగాడు. పప్పు కూడా ఉంది, అడిగినంత పోస్తాం అన్నాక, అయితే రెండున్నర చాలు, ముల్లంగో సొరకాయో కాస్త ఎక్కువ వేస్తే నిలబడుతుంది అన్నాడు. రమ్మన్నాను.

ట్రయల్ బుధ, గురువారాల్లో పెట్టండి. శనివారం రద్దీలో కొత్తవాడు ఏం చేసినా తప్పులా కనిపిస్తుంది. రుచి ఎలాగూ చూస్తాం, నేను చూసింది వేరేవి. బియ్యం గుప్పెట్లో తీసుకుని పాతవా కొత్తవా అని చూశాకే ఎసరు పెట్టాడు. రుచి చూసేందుకు సాంబారు అరచేతిలో పోసుకున్నాడు, గరిటె నోటికి పెట్టలేదు. రెండింటికి వెళ్లేముందు పొయ్యి తుడిచాడు. మొదటి రోజు అన్నం రెండు కిలోల దాకా మిగిలింది, రెండో రోజు తానే తగ్గించి పెట్టాడు. ఉప్పు మొదటి రోజు కొంచెం ఎక్కువైంది, అది పట్టించుకోలేదు. ఒక్కో ఊరి నాలుక ఒక్కోటి, చెప్తే సర్దుకుంటుంది.

సర్వర్ల ట్రయల్‌లో పిల్లలతో వచ్చిన ఆరుగురి కుటుంబాన్ని ఇచ్చి చూశాను. ఆర్డర్ తిరిగి చదివి వినిపించాడా, పొంగల్ అయిపోయిందని వంటింట్లోంచి కేక వినపడగానే మిగతా టేబుళ్లకు ఆ మాట చెప్పాడా, అవే చూశాను. నవ్వు మొహం వారం తర్వాత వస్తుంది.

కుదిరినాక ఆధార్ కాపీ తీసుకుని అసలు కార్డు అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. కార్డు పెట్టుకుంటే మనిషి పారిపోడని కొందరు సలహా ఇస్తారు. పోయేవాడు కార్డు వదిలేసైనా పోతాడు, ఉండేవాడికి మాత్రం మనసు విరుగుతుంది.

అడ్వాన్సు సంగతి

దీన్ని విడిగా చెప్పాలి. ఎందుకంటే మన వైపు మాస్టర్లతో బేరం ఇక్కడే మొదలవుతుంది. రెండేళ్ల కిందట ఒక మాస్టర్‌కు చేరకముందే 15,000 ఇచ్చాను. నాలుగు రోజులు బ్రహ్మాండంగా వండాడు. ఐదో రోజు పాపకు జ్వరమని వెళ్లాడు, సాయంత్రానికి ఫోన్ స్విచాఫ్. తర్వాత కనుక్కుంటే మా కంటే ముందు ఇంకో ఇద్దరి దగ్గర అలాగే తీసుకున్నాడు.

ఇంకోవైపు, అడ్వాన్సు అడిగేవాళ్లందరూ అలాంటివాళ్లు కాదు. పాత హోటల్లో తీసుకున్న బాకీ కట్టి బయటపడటానికి అడిగేవాళ్లు ఎక్కువ. ఆ బాకీ తీరేదాకా వెళ్లడానికి వీల్లేదని పనివాణ్ని ఆపితే అది వెట్టిచాకిరీ కిందికి వస్తుంది, 1976 చట్టం దాన్ని నిషేధించింది. అందుకే పెద్ద అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసుకుందామన్న ఆలోచన రెండు వైపులా ముల్లే. మేము పెట్టుకున్న పద్ధతి, చేరేముందు ఏమీ ఇవ్వం. నెల నిండాక అవసరమైతే సగం జీతం దాకా ఇస్తాం, నాలుగు నెలల్లో సమానంగా కోసుకుంటాం, ఇద్దరం నోటుబుక్కులో సంతకం పెడతాం. ట్రయల్ కూలి ఏ రోజుకారోజు ఇస్తామని ప్రకటనలో రాసింది కూడా ఇందుకే. చేతిలో డబ్బు లేక వచ్చిన మనిషికి మొదటి రెండు రోజులు గడిచిపోతాయి.

మాస్టర్ కుదిరిన రోజే షట్టర్ మీది కాగితంలో ఆయన భాగాన్ని స్కెచ్ పెన్నుతో కొట్టేసి, పక్కన మాస్టర్ కుదిరారు, సర్వర్లు ఇంకా కావాలి అని రాశాను. వాట్సాప్‌లో కూడా అదే మార్చి మళ్లీ పెట్టాను. పాతది మాత్రం ఎక్కడెక్కడో తిరుగుతూనే ఉంది. మొన్న కూడా పలమనేరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, గది ఒక్కరికే అని రాశారు, మా ఆవిడ కూడా వంట చేస్తుంది, ఇద్దరం వస్తే కుదరదా అని అడిగాడు. ఆయన నంబరు రాసి పెట్టుకున్నాను.